స్లిప్‌లో రూ.20,358 ఉంది.. అయినా కనీస వేతనం ఇచ్చినట్టు కాదా? నోటిఫికేషన్‌లో అసలు లెక్క ఇదీ

హైదరాబాద్‌లో ఓ చిన్న హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ ఉన్నాడనుకుందాం. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో క్లీనింగ్ పని తీసుకున్నాడు. చేతి కింద ఆరుగురు వర్కర్లు. కనీస వేతనాల ఆర్డర్ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. అందులో నెలకి రూ.20,358 అని ఉంది. వెంటనే అందరి జీతం స్లిప్ అదే అంకెకు తెచ్చేశాడు. బేసిక్ రూ.12,000, హెచ్ఆర్ఏ రూ.6,000, కన్వేయన్స్ రూ.2,358. మొత్తం సరిగ్గా రూ.20,358. ఓటీ కూడా ఇస్తున్నాడు. ఇక తనకి ఏ సమస్యా లేదనుకుంటాడు.

కానీ ఆ స్లిప్ ఇప్పటి చట్టం ముందు నిలబడదు. ఒక్కో వర్కర్‌కి నెలకి రూ.11 వేలకు పైగా తక్కువ ఇచ్చినట్టు లెక్క తేలుతుంది. ఇక్కడ మోసం చేయాలన్న ఉద్దేశం లేదు. నోటిఫికేషన్‌లో పెద్దక్షరాల్లో ఉన్న అంకె చూశాడు, దాని చుట్టూ ఉన్న నాలుగు లైన్లు చదవలేదు. అంతే.

2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటిలో వేతనాల కోడ్ ఒకటి. అప్పటి నుంచి 'వేతనం' అనే మాటకు అర్థమే మారింది. చిన్న షాపులు, ఏజెన్సీలు, కాంట్రాక్టర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అసలు నోటిఫికేషన్ ఎలా చదవాలి? నెల జీతం, ఓటీ, అలవెన్సులు ఎలా లెక్కేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అంకె చూసే ముందు ఈ నాలుగు చూడాలి

మొదటిది, ఆర్డర్ ఎవరిది? రైల్వేలు, గనులు, చమురు క్షేత్రాలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు, వాటిలో పనిచేసే కాంట్రాక్టర్లు కేంద్రం పరిధిలోకి వస్తారు. వీధిలో కిరాణా షాపు, టిఫిన్ సెంటర్, ప్రైవేట్ ఆసుపత్రి, బట్టల దుకాణం లాంటివి రాష్ట్రం పరిధి. ఒకే వ్యక్తికి ఒక కాంట్రాక్ట్ కేంద్ర ఆఫీసులో, ఇంకోటి ప్రైవేట్ అపార్ట్‌మెంట్‌లో ఉంటే రెండు చోట్లా రేట్లు వేరు. ఒకే షీట్‌లో అందరికీ ఒకే రేటు వేస్తే ఏదో ఒక చోట తప్పు పడుతుంది.

రెండోది, ఏరియా లేదా జోన్. కేంద్రం ఆర్డర్‌లో ఊళ్లను ఏ, బీ, సీ అని మూడుగా విడదీస్తారు. హైదరాబాద్ ఏ ఏరియాలో ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి వచ్చిన కేంద్రం ఆర్డర్‌లో క్లీనింగ్ పనికి ఏ ఏరియాలో రోజుకి రూ.783, బీలో రూ.655, సీలో రూ.526. పని ఒక్కటే అయినా ఊరు మారితే రోజుకి రూ.257 దాకా తేడా. ఇక్కడ చూడాల్సింది పని జరిగే చోటు. కాంట్రాక్టర్ ఆఫీసు ఏ ఊళ్లో ఉందన్నది లెక్కలోకి రాదు.

మూడోది, కేటగిరీ. అదే ఆర్డర్‌లో ఆయుధం లేని సెక్యూరిటీ గార్డ్ నైపుణ్యం ఉన్న కార్మికుడి లైన్‌లో ఉంటాడు. ఏ ఏరియాలో అతని రేటు రోజుకి రూ.954. చాలా మంది గార్డ్‌ని కూడా స్వీపర్ లైన్‌లోనే వేసేస్తారు. అలా చేస్తే రోజుకి రూ.171, నెలకి 26 రోజుల లెక్కన రూ.4,446 తక్కువ పడుతుంది. స్లిప్ మీద 'హెల్పర్' అని రాసినంత మాత్రాన కేటగిరీ మారిపోదు. మనిషి రోజూ చేసే పని ఏంటన్నదే చూస్తారు.

నాలుగోది, తేదీ. ఆర్డర్ మీద రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి ఆర్డర్ ఇచ్చిన రోజు, ఇంకోటి అమల్లోకి వచ్చే రోజు. జీతానికి లెక్క రెండో తేదీ నుంచే. ఆర్డర్ ఆలస్యంగా చేతికొస్తే మధ్యలో గడిచిన రోజులకు ఎరియర్స్ కట్టాలి. ఇంకో ముఖ్యమైన విషయం. వాట్సాప్‌లో తిరిగే కాగితం ముసాయిదా నోటిఫికేషన్ కావచ్చు. అందులో 'ప్రతిపాదన' అని, అభ్యంతరాలకు రెండు నెలల గడువు అని ఉంటుంది. అది ఇంకా అమల్లోకి వచ్చిన రేటు కాదు. తుది నోటిఫికేషన్ వచ్చాకే ఆ అంకెకు బలం.

కోడ్ వచ్చింది కదా, పాత నోటిఫికేషన్లు పోయాయా అంటే, పోలేదు. పాత చట్టం కింద ఇచ్చిన నోటిఫికేషన్లు కొత్త కోడ్‌కి విరుద్ధంగా లేనంత వరకు కొనసాగుతాయని కోడ్‌లోనే రాశారు. కాబట్టి రేటు పాత ఆర్డర్ నుంచి రావచ్చు, 'వేతనం' అర్థం మాత్రం కొత్త కోడ్ నుంచి వస్తుంది. కాంట్రాక్టర్ స్లిప్ తప్పింది సరిగ్గా ఈ రెండూ కలిసే చోటే.

రూ.783లో ఏముంది?

లెక్క అర్థం కావడానికి 2024 అక్టోబర్ ఆర్డర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఆ తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి. లెక్కించే పద్ధతి మాత్రం అదే. జీతం వేసే నెలకి ఏ ఆర్డర్ అమల్లో ఉందో చూసుకుని ఆ రేటు పెట్టుకుంటే సరిపోతుంది.

రూ.783లో రెండు ముక్కలున్నాయి. 2017లో కేంద్రం నిర్ణయించిన మూల రేటు రూ.523. దాని మీద వీడీఏ, అంటే ధరలు పెరిగే కొద్దీ పెరిగే కరువు భత్యం, రూ.260. మూల రేటు ఏళ్ల తరబడి కదలదు. వీడీఏ మాత్రం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ ఎంత పెరిగిందన్నదే దానికి ఆధారం.

ఇప్పుడు నెలకి:

మూల వేతనం: 523 × 26 = రూ.13,598
వీడీఏ: 260 × 26 = రూ.6,760
మొత్తం: 783 × 26 = రూ.20,358

ఈ రెండు ముక్కల్ని స్లిప్‌లో వేరువేరుగా చూపించి తీరాలా? మొత్తం కలిపి కనీస రేటుకు తగ్గకపోతే వీడీఏని విడిగా ఇవ్వలేదని తప్పు పట్టలేరని సుప్రీంకోర్టు 1999లో ఎయిర్‌ఫ్రైట్ కేసులో చెప్పింది. కాబట్టి ఒకే లైన్‌లో వేసినా చెల్లుతుంది. కానీ విడిగా రాసుకుంటే ఒక లాభం ఉంది. ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ఒక్క వీడీఏ లైన్ మార్చుకుంటే చాలు. పెంచారో లేదో వర్కర్‌కి కూడా ఒక్క చూపులో తెలుస్తుంది.

30 కాదు.. 26 ఎందుకు?

నెలకి 30 రోజులు కదా, 26తో గుణించడం ఏంటని చాలా మంది అడుగుతారు. వారానికి ఒక రోజు సెలవు తీసేస్తే నెలలో పనిదినాలు సగటున 26. ఈ పద్ధతిలో వారాంతపు సెలవు జీతం రోజు రేటులోనే కలిసి ఉంటుంది. అందుకే ఆదివారానికి మళ్లీ విడిగా ఇవ్వక్కర్లేదు. కనీస వేతనాల కేంద్ర రూల్స్‌లో కూడా ఇదే ఉంది. నెల రేటుని 26తో భాగించి రోజు రేటు తీసిన చోట సెలవు రోజుకి వేరే వేతనం లేదు. వేతనాల కోడ్ కింద కేంద్రం తెచ్చిన ముసాయిదా రూల్స్ కూడా ఇవే అంకెలు పెట్టాయి. రోజు రేటుని 26తో గుణిస్తే నెల, 8తో భాగిస్తే గంట.

ఈ 26 అనేది సగటు అంకె అని గుర్తుంచుకోవాలి. ఏడాదిలో 365 రోజుల్లో 52 సెలవులు పోతే 313 పనిదినాలు. 313ని 12తో భాగిస్తే 26 కంటే కాస్త ఎక్కువ. 31 రోజులు, 4 ఆదివారాలు ఉన్న నెలలో 27 పనిదినాలు వస్తాయి. రోజు కూలీ పద్ధతిలో ఉన్న మనిషి 27 రోజులూ వస్తే 27 × 783 = రూ.21,141 ఇవ్వాలి. '26కి మించి ఇవ్వం' అని 27వ రోజు ఎగ్గొడితే ఆ రోజుకి కనీస వేతనం సున్నా అయినట్టే.

చాలా చిన్న సంస్థల్లో కనిపించే ఇంకో పొరపాటు చూడండి. మనిషి రెండు రోజులు రాకపోతే కోతకి 26 వాడతారు. రోజుకి రూ.783 చొప్పున రూ.1,566 కట్ చేస్తారు. ఇందులో తప్పు లేదు. కానీ అదే మనిషి ఓటీ చేస్తే మాత్రం నెల జీతాన్ని 30తో భాగిస్తారు. అప్పుడు రోజు విలువ రూ.678.60కి పడిపోతుంది. కోసేటప్పుడు రోజు ఖరీదు ఎక్కువ, ఇచ్చేటప్పుడు తక్కువ. ఒకే మనిషికి, ఒకే నెలలో రెండు భాజకాలు ఉండకూడదు. స్లిప్‌లో మోసం ఉందో లేదో వర్కర్ తనంతట తాను కనిపెట్టడానికి ఇదే తేలికైన పరీక్ష. కోతకి ఏ అంకె వాడారు, ఓటీకి ఏ అంకె వాడారు అని పక్కపక్కన పెట్టి చూస్తే సరి.

ఓటీ లెక్క: తప్పు ఎక్కడ మొదలవుతుంది?

మన కాంట్రాక్టర్ దగ్గరికే వద్దాం. 30 రోజులు, 4 ఆదివారాలు ఉన్న నెల. అంటే 26 పనిదినాలు. ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ ఉందని ఒక వర్కర్ 12 రోజుల పాటు రోజుకి 2 గంటలు ఎక్కువ చేసింది. మధ్యలో సెలవు పెట్టలేదు. మొత్తం 24 గంటల ఓటీ.

కాంట్రాక్టర్ వేసిన లెక్క ఇలా ఉంది. 20,358ని 30తో, తర్వాత 8తో భాగించాడు. గంటకి దాదాపు రూ.84.83 వచ్చింది. 24 గంటలకి రూ.2,035.80 ఇచ్చాడు.

ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, 30తో భాగించడం. రెండోది, సింగిల్ రేటు ఇవ్వడం. మామూలు పని గంటలు దాటి చేసిన ప్రతి గంటకీ మామూలు రేటుకి రెట్టింపు కంటే తగ్గకూడదని వేతనాల కోడ్ 14వ సెక్షన్ చెబుతోంది. పాత కేంద్ర రూల్స్ కూడా రెట్టింపే చెప్పాయి.

సరైన లెక్క:

గంట రేటు: 783 ÷ 8 = రూ.97.875
ఓటీ రేటు: 97.875 × 2 = రూ.195.75
24 గంటలకి: రూ.4,698

ఇచ్చింది రూ.2,035.80. తేడా రూ.2,662.20. ముసాయిదా రూల్స్‌లో చెప్పినట్టు గంట రేటుని రూ.98కి రౌండ్ చేస్తే మొత్తం రూ.4,704 అవుతుంది. ఆరు రూపాయలే తేడా. అసలు సమస్య పైసల్లో లేదు, రెట్టింపు ఇవ్వకపోవడంలో ఉంది.

ఓటీ ఎప్పటి నుంచి మొదలవుతుంది అన్నది ఇంకో గందరగోళం. పాత కేంద్ర రూల్స్ ప్రకారం రోజుకి 9 గంటలు దాటినా, వారానికి 48 గంటలు దాటినా ఓటీయే. 'పది గంటలు చేసింది, 9 పోతే ఒక గంటే ఓటీ' అని కొందరు లెక్కేస్తారు. కానీ ఆ మనిషి వారంలో ఆరు రోజులూ 8 గంటల చొప్పున చేస్తే 48 గంటలు అక్కడే నిండిపోతాయి. దాని మీద చేసిన ప్రతి గంటా వారం లెక్కలో ఓటీ అవుతుంది. కాబట్టి ఆ రెండు గంటలూ ఓటీయే. రోజు లెక్క, వారం లెక్క రెండూ వేసి, ఏది వర్కర్‌కి ఎక్కువ ఇస్తే అది తీసుకోవాలి.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో, దుకాణాలు మినహాయించి, రోజుకి 10 గంటల దాకా పనికి వీలిస్తూ జీవో ఇచ్చింది. దీన్ని చూసి 'పది గంటల దాకా ఓటీ లేదు' అని అనుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ జీవోలోనే వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. రోజుకి 10 గంటలు, వారానికి ఆరు రోజులు అంటే 60 గంటలు. అందులో 12 గంటలు ఓటీ కింద కట్టాల్సిందే.

ఇక ఆదివారం పిలిపిస్తే? పాత రూల్స్ ప్రకారం వారాంతపు సెలవు రోజు చేసిన పనికి ఓటీ రేటే. అంటే ఆ రోజుకి 783 × 2 = రూ.1,566. బదులుగా ఇంకో రోజు సెలవు ఇచ్చినా ఆ రెట్టింపు పోదు.

హెచ్ఆర్ఏ దగ్గరే అసలు చిక్కు

ఇప్పుడు మొదటి స్లిప్ మళ్లీ చూద్దాం. బేసిక్ రూ.12,000, హెచ్ఆర్ఏ రూ.6,000, కన్వేయన్స్ రూ.2,358. మొత్తం రూ.20,358 ఉన్నా ఎందుకు తప్పు?

పాత కనీస వేతనాల చట్టంలో వేతనం అంటే హెచ్ఆర్ఏ కూడా కలిసేది. ప్రయాణ భత్యం కలిసేది కాదు. అందుకే చాలా మంది చిన్న యజమానులు బేసిక్ తక్కువ పెట్టి హెచ్ఆర్ఏ ఎక్కువ పెట్టే అలవాటు చేసుకున్నారు. వేతనాల కోడ్‌లో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వేతనం అంటే బేసిక్, కరువు భత్యం, రిటైనింగ్ అలవెన్స్. హెచ్ఆర్ఏ, కన్వేయన్స్, బోనస్, కమీషన్, ఓటీ, యజమాని కట్టే పీఎఫ్ వాటా, ఉండటానికి ఇచ్చిన ఇంటి విలువ.. ఇవన్నీ వేతనం బయటి లిస్టులోకి వెళ్లాయి.

అంటే నోటిఫికేషన్‌లోని రూ.20,358కి ఎదురుగా పెట్టి చూడాల్సింది స్లిప్ మొత్తాన్ని కాదు. వేతనం అని చట్టం ఒప్పుకునే భాగాన్నే. ఈ స్లిప్‌లో అది రూ.12,000 మాత్రమే. తక్కువ పడింది రూ.8,358.

ఇక్కడ ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. 'బేసిక్ 50 శాతం ఉంటే చాలు, కోడ్ పాస్ అయినట్టే' అని. ఇది సగం నిజం. కోడ్‌లో ఉన్న రూల్ ఏంటంటే, బయటి లిస్టులోని అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన ముక్కని తిరిగి వేతనంలో కలుపుతారు. మన స్లిప్‌లో హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ కలిపి రూ.8,358. అది మొత్తంలో 41 శాతమే. సగం దాటలేదు కాబట్టి కలపడానికి ఏమీ లేదు. వేతనం రూ.12,000 దగ్గరే ఆగిపోయింది. 50 శాతం రూల్‌లో ఈ స్లిప్‌కి ఇబ్బంది లేదు. కనీస వేతనం పరీక్షలో మాత్రం ఫెయిల్. ఈ రెండూ వేరువేరు పరీక్షలు. ఒకటి పాసైతే ఇంకోటి పాసైనట్టు కాదు.

రూమ్ ఇచ్చాం, కరెంటు బిల్లు మేమే కడుతున్నాం, అందుకే జీతం కాస్త తగ్గించాం అనే వాదన కూడా ఇక్కడే పడిపోతుంది. ఇల్లు, కరెంటు, నీళ్ల విలువ వేతనం లెక్కలోకి రావు. కాబట్టి వాటిని చూపించి కనీస రేటు తగ్గించడానికి వీల్లేదు.

మొత్తం తేడా ఎంత?

ఒక వర్కర్‌కి:

వేతనంలో తక్కువ: రూ.8,358
ఓటీలో తక్కువ: రూ.2,662.20
మొత్తం: రూ.11,020.20

ఆరుగురూ అంతే ఓటీ చేసి ఉంటే ఒక్క నెలకే రూ.66,121.20. కాంట్రాక్టర్ జేబులో నుంచి ఒక్క రూపాయి కూడా దొంగతనంగా మిగుల్చుకోలేదు అనుకున్నా, చట్టం లెక్కలో ఇది బాకీయే.

దీన్ని సరిచేయడం మాత్రం అంత కష్టం కాదు. స్లిప్‌లో బేసిక్ రూ.13,598, వీడీఏ రూ.6,760 అని మార్చాలి. హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ అనే పేర్లు ఇక తప్పనిసరి కావు. ఇవ్వాలనుకుంటే రూ.20,358 పైన ఇవ్వాలి. మొత్తం ఖర్చు పెరగకుండానే ఇక ముందు నెలల జీతం చట్టబద్ధం అవుతుంది. పెరిగేది ఓటీ ఖర్చే. అది ఎలాగూ ఇవ్వాల్సిందే. ఆ నెలకి సరైన స్లిప్ ఇలా ఉండాలి:

బేసిక్: రూ.13,598
వీడీఏ: రూ.6,760
ఓటీ, 24 గంటలు: రూ.4,698
మొత్తం: రూ.25,056

ఇందులోంచి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించే చోట వర్కర్ వాటా మాత్రమే కట్ చేయాలి. యజమాని వాటా యజమానే పెట్టుకోవాలి. టెండర్ వేసేటప్పుడు రేటు తక్కువ కోట్ చేసి, తర్వాత రెండు వాటాలూ వర్కర్ జీతంలోంచే లాగేయడం కొన్నిచోట్ల జరుగుతుంది. అలా చేస్తే స్లిప్ మీద రూ.20,358 ఉన్నా వర్కర్‌కి కనీస వేతనం అందనట్టే.

షాపు, టిఫిన్ సెంటర్ వాళ్లు ఎలా చూడాలి?

తెలంగాణ, ఏపీలో రాష్ట్ర జీవోల రూపు కాస్త వేరు. కేంద్రం రోజు రేటు ఇస్తే, ఇక్కడ ఎక్కువగా నెల రేటు ఉంటుంది. జీవోలో మూల వేతనం ఉంటుంది, దానికి ఎదురుగా ధరల సూచీ ఎన్ని పాయింట్ల దగ్గర కట్టారో ఉంటుంది. ఆ పాయింట్లు దాటాక పెరిగిన ఒక్కో పాయింట్‌కి ఎన్ని రూపాయలు కలపాలో కూడా ఉంటుంది. కార్మిక శాఖ ఏప్రిల్ 1, అక్టోబర్ 1 నుంచి కొత్త పాయింట్లు ప్రకటిస్తుంది. చాలా మంది జీవోలో మూల వేతనం ఒక్కటే చూసి అదే ఇచ్చేస్తారు. వీడీఏ కలపడం మర్చిపోతారు.

లెక్క ఎలా ఉంటుందో చూడటానికి గుండ్రటి అంకెలు వేసుకుందాం. ఇవి ఏ జీవోలోనివీ కావు. మూల వేతనం రూ.10,000. జీవో కట్టింది 1,500 పాయింట్ల దగ్గర. ఇప్పుడు ప్రకటించింది 1,620. పాయింట్‌కి రూ.8.

పెరిగిన పాయింట్లు: 1,620 − 1,500 = 120
వీడీఏ: 120 × 8 = రూ.960
నెల మొత్తం: రూ.10,960
రోజు రేటు: 10,960 ÷ 26 = రూ.421.54
ఓటీ గంటకి: 421.54 ÷ 8 × 2 = రూ.105.39 (దాదాపు)

జీవో చివర ఉండే నోట్స్ కూడా చదవాలి. రోజు వేతనానికి 26తో భాగించాలని, ఒకే పనికి ఆడవాళ్లకీ మగవాళ్లకీ తేడా చూపించకూడదని, ఇప్పటికే ఎక్కువ ఇస్తుంటే దాన్ని తగ్గించకూడదని అక్కడే రాసి ఉంటుంది. చివరిది చాలా మంది చూడరు. జీవో రేటు తక్కువ ఉంది కదా అని ఉన్న జీతం దించడానికి లేదు.

కట్టకపోతే ఏమవుతుంది?

నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. ఇవ్వాల్సిన దాని కంటే తక్కువ ఇస్తే రూ.50 వేల దాకా జరిమానా. అయిదేళ్లలోపు అదే తప్పు మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. వర్కర్ క్లెయిమ్ వేయడానికి గడువు మూడేళ్లు. పాత కనీస వేతనాల చట్టంలో అది ఆరు నెలలే. బాకీతో పాటు దాని మీద పదింతల దాకా పరిహారం వేసే అధికారం కూడా విచారణ అధికారికి ఉంది.

చిన్న యజమాని ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది ఇంకోటి ఉంది. జీతం ఇవ్వలేదని వర్కర్ అంటే, ఇచ్చానని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదే. చేతికి నగదు ఇచ్చి, హాజరు పుస్తకం సరిగ్గా రాయని వాళ్లకి ఇదే పెద్ద ఇబ్బంది. ఓటీ గంటలు రాసి లేకపోతే వర్కర్ చెప్పిన గంటలకు ఎదురు చెప్పడం కష్టం. కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే ఆ బాకీ పని చేయించుకున్న సంస్థ మీద పడుతుంది. అందుకే ఆఫీసులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కూడా బిల్లు పాస్ చేసే ముందు స్లిప్ చూసుకోవడం మంచిది.

ఆ చూపు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు తెలిసిందే. స్లిప్ కింద ఉన్న మొత్తం అంకెని పక్కన పెట్టి, బేసిక్, వీడీఏ రెండూ కూడాలి. అది ఆ నెల, ఆ ఊరు, ఆ కేటగిరీ రేటుకి తగ్గిందా? ఓటీ గంటని 26, 8తో తీసి రెట్టింపు చేశారా? మన కాంట్రాక్టర్ స్లిప్ ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయింది.